వేసుకోలేదన్నది ఎవరు?

మా ఇంట్లో తెల్లవారింది మొదలు రాత్రి పడుకునేదాకా జరిగే మాటల్లో "నేను", "నువ్వు", "వాడు" అనేవి పట్టుమని పదిసార్లయినా వినిపించవు. నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనే ఒక పూట చెవి ఒగ్గి వినండి.

మొన్న ఒక ఆదివారం సాయంత్రం వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. పక్కవాటాలో ఉండే బ్యాంకు ఆఫీసరుగారు వచ్చి కూర్చున్నారు. ఆయనది ఉత్తరాది. తాడిపత్రికి బదిలీ అయి వచ్చి ఏడాదయింది. తెలుగు నేర్చుకోవాలని పట్టుదల, నేర్పమని నా వెంట పడ్డారు. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది.

"వచ్చాడా?"

"వచ్చాడు."

"తిన్నాడా?"

"తినలేదు."

"పెట్టనా?"

"పెట్టు. వస్తున్నా."

నేను లేవబోతుంటే ఆఫీసరుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "మాస్టారూ, ఎవరు వచ్చారు? ఎవరు తినలేదు? ఎవరు పెట్టాలి? ఎవరు వస్తున్నారు?" అని వరసగా నాలుగు ప్రశ్నలు సంధించారు. పెన్న ఇసుకలో క్రికెట్టు ఆడి, ఒళ్లంతా దుమ్ముతో అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన మా చిన్నవాణ్ణి చూపించాను. వచ్చింది వాడు, తిననిది వాడు, పెట్టేది మా ఆవిడ, వచ్చేది నేను. ఇంట్లో ఉన్న ముగ్గురికీ ఇందులో అనుమానమన్నది లేదు. ఉన్నది ఆయనకే.

ఆ రోజు నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కాని ఆయన అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒకటి మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు. "ఎవరు తినలేదు?" అన్నది. దానికి కారణం తర్వాత చెబుతాను. ముందు కాస్త వ్యాకరణం సంగతి చూడాలి. భయపడకండి, పరీక్ష పెట్టను.

ఇంగ్లీషులో "వచ్చు" అనే క్రియకు భూతకాలం "కేమ్". నేను వచ్చినా అదే, నువ్వు వచ్చినా అదే, వాడు వచ్చినా, వాళ్లు వచ్చినా అదే. మాట చివర చూసి మనిషిని గుర్తుపట్టే వీలు లేదు కనుక వాళ్లు ప్రతిసారీ ఎవరో ముందే చెప్పి తీరాలి. మనకా అవసరం లేదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాం, వచ్చారు, వచ్చాయి. మనిషి క్రియ తోకలోనే ఉన్నాడు. మా తాడిపత్రి వీధుల్లో "వస్తాండా" అంటే నేనే, "వస్తాండాడు" అంటే వాడే. "ఎప్పుడు చెప్తివి?" అంటే నిన్నే అడుగుతున్నారు. కాబట్టి తెలుగువాడు కర్తను వదిలేస్తాడని అనడం పూర్తిగా న్యాయం కాదు. ఒకసారి చెప్పిన దాన్ని రెండోసారి చెప్పడు, అంతే.

క్రియ దాకా ఎందుకు, నామవాచకానికీ మనం తోక తగిలిస్తాం. "ఏం చేస్తుంటారు?" అని రైల్లో ఎవరైనా అడిగితే "లెక్చరర్ని" అంటాను. ఆ చివరి "ని"లో నేనున్నాను. "వాడికేం, లెక్చరరు" అన్నప్పుడు ఆ "ని" ఉండదు. ఈ రెండింటికీ మధ్య తేడాను ఆఫీసరుగారికి బోధపరిచేసరికి ఒక సాయంత్రం గడిచిపోయింది.

అయితే ఈ తోకలన్నీ ఒక్కలా స్పష్టంగా ఉండవు. "వచ్చింది" అంటే ఆమె కావచ్చు, బస్సు కావచ్చు, కరెంటు కావచ్చు, వాన కూడా కావచ్చు. మా అనంతపురం సీమలో ఎండాకాలం వీధిలో ఎవరైనా "వచ్చింది, వచ్చింది" అని అరిస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తుతాం. అది నీళ్ల ట్యాంకరని అందరికీ తెలుసు. ఇంటర్మీడియట్ పిల్లవాడొకడు ఇలాంటి సంభాషణనే ఇంగ్లీషులోకి మారుస్తూ "షి హాజ్ కమ్" అని రాశాడు. వాడికి సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు. తోక వరకు చూస్తే వాడు రాసింది తప్పు కాదు. వీధిని చూడలేదు, అదీ లోపం.

ఇక "వచ్చారు" మరీ ఇబ్బంది. ఇందులో "మీరు" ఉన్నారు, "వాళ్లు" ఉన్నారు, గౌరవించదగ్గ "ఆయన" ఉన్నారు, "ఆవిడ" ఉన్నారు. మర్యాద పెరిగేకొద్దీ మనిషి మసకబారిపోతాడు. చిన్నవాడి గురించి అయితే "తిన్నాడా" అంటాను, ఎదురుగా ఉన్న వాణ్ణే అయితే "తిన్నావా" అంటాను. అదే మా మామగారి గురించయితే "తిన్నారా", మా అత్తగారినే నేరుగా అడిగినా "తిన్నారా". రెండూ ఒకటే మాట.

ఇన్ని ఉన్నా, జవాబు అవునని వస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. "తిన్నారా?" అన్నదానికి అత్తగారు "తిన్నాను" అంటే ఆవిడ సంగతి, "తిన్నారు" అంటే మామగారి సంగతి. ప్రశ్నలో మసకగా ఉన్నది జవాబులో తేటపడుతుంది. జవాబు కాదని వచ్చినప్పుడు మాత్రం చూడండి: "తినలేదు." నేను తినలేదు, నువ్వు తినలేదు, వాడు తినలేదు, ఆమె తినలేదు, మేము తినలేదు, వాళ్లు తినలేదు. ఇక్కడ తోక తెగిపోయింది. ఎవరికైనా ఒకటే "లేదు".

ఇది భూతకాలానికి పట్టిన పీడ. "తినను, తినవు, తినడు, తినదు, తినరు" అన్నప్పుడు కాదనే మాటలోనూ మనిషి భద్రంగానే ఉన్నాడు. జరగనున్న దాన్ని కాదంటే తెలుస్తుంది, జరిగిపోయిన దాన్ని కాదంటే తెలియదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్‌గారు కలిసి ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. ఇలాంటి సంగతులు అందులో వివరంగా ఉన్నాయి. ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక ఇదంతా నాకు కొట్టిన పిండే. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసి పిల్లలకు చెప్పినవాణ్ణే. అయినా రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో ఆ "లేదు" నన్ను నిలువునా ముంచబోయింది.

బెంగుళూరులో బంధువుల ఇంట పెళ్లి. అది శనివారం. అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి కారులో తాడిపత్రినుంచి బయలుదేరాం. దంపతులిద్దరికీ షుగరు జబ్బే. ఇద్దరూ పొద్దున్నే మాత్ర వేసుకునేవాళ్లే. దారిలో ఎక్కడైనా ఆగి టిఫిను చేద్దామనుకున్నాం. ముహూర్తం మించిపోతుందన్న తొందరలో ఆగలేదు. కల్యాణమండపం చేరేసరికి పదిన్నర. మెట్లెక్కుతూ మామగారికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. మాట ముద్దగా వచ్చింది. నా భుజం మీద ఒరిగిపోయారు.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాం. నర్సు వేలికి సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 54 ఉంది. డెబ్బైకి దిగితేనే తక్కువ అంటారు. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. అత్తగారు కూడా వడలిపోయి ఉండటం చూసి ఆ నర్సు, ఈవిడకు కూడా షుగరుందా అని నన్ను అడిగింది. నేను అత్తగారి వైపు తిరిగి "మీకూ ఉందా అని అడుగుతోంది" అన్నాను. ఆవిడ తల ఊపారు. ఈ చిన్న ముచ్చట గుర్తుంచుకోండి.

అప్పుడు డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. తెలుగు రాదు, ఇంగ్లీషులో అడిగాడు: ఈయన ఇవాళ పొద్దున షుగరు మాత్ర వేసుకున్నారా అని. మామగారు ఇంకా మగతలోనే ఉన్నారు. నేను అత్తగారిని అడిగాను.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"వేసుకోలేదు."

"హి డిడ్ నాట్ టేక్ ఇట్" అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా.

"ఏమైనా తిన్నారా?" అని మళ్లీ అడిగాను.

"తినలేదు."

అదీ ఇంగ్లీషులో చెప్పాను.

డాక్టరు నుదురు చిట్లించాడు. మాత్ర వేసుకోని షుగరు రోగికి, ఒక పూట తిననంత మాత్రాన చక్కెర 54కు పడిపోవడమేమిటని ఆయన అనుమానం. అయితే వేరే కారణం వెతకాలి, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు చేయిద్దాం అన్నాడు. గ్లూకోజుతో తేరుకున్నారు గనుక, ఆ పరీక్షల్లో ఏమీ లేకపోతే సాయంత్రానికి ఇంటికి తీసుకువెళ్లవచ్చునేమో అని కూడా అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. రాత్రి పెళ్లి భోజనానికి అందరం ఉంటామని ఫోనులో చెప్పేశాను కూడా.

పావుగంట గడిచింది. అత్తగారు బల్ల మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ అన్నారు:

"నాకూ ఒకటే నీరసంగా ఉంది నాయనా. ఒక్కపొద్దని మాత్ర కూడా వేసుకోలేదని చెప్తి కదా!"

నాకు ఒక్కసారి ఒళ్లు జల్లుమంది. "చెప్తి" అన్నమాటలో ఆవిడ ఉన్నారు. "వేసుకోలేదు" అన్నమాటలో ఎవరున్నారు?

"వేసుకోనిది ఎవరత్తయ్యా? మీరా, మామయ్యగారా?"

"నేనే. ఆయన వేసుకున్నారు, కారెక్కే ముందు కాఫీతో. మీరు నన్నే అడిగినారు కదా నాయనా!"

పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన వెంటనే మాత్ర పేరు అడిగాడు. సంచిలో ఉన్న చీటీ చూపించాను. షుగరు మాత్రలన్నీ ఒకటి కావట. కొన్ని రకాలు కడుపులో తిండి ఉన్నా లేకపోయినా చక్కెరను కిందికి లాగుతూనే ఉంటాయట. మామగారు వేసుకున్నది ఆ రకం. దాని బలం గంటలతరబడి ఉంటుంది గనుక, గ్లూకోజుతో ఒకసారి లేచిన చక్కెర మళ్లీ పడిపోవచ్చు. అందుకని ఆ రాత్రి అక్కడే ఉంచుకుని గంటగంటకూ చూడాలన్నాడు. అర్ధరాత్రి దాటాక నిజంగానే మరోసారి పడింది. నర్సు దగ్గరే ఉన్నది కనుక సరిపోయింది. పెళ్లివారింట పడుకుని ఉంటే నిద్రలో ఎవరు చూసేవారు?

మర్నాడు తిరుగు ప్రయాణంలో దారిపొడుగునా నేను ఆలోచించింది ఒకటే. తప్పు ఎవరిది? అత్తగారిది కాదు. అప్పుడే కదా "మీకూ ఉందా" అని ఆవిడతో ఆవిడ జబ్బు గురించి మాట్లాడాను. ఆ వెంటనే "వేసుకున్నారా" అంటే తనను అనే అనుకున్నారు. అల్లుడు ఎదురుగా నిలబడి మర్యాదగా అడిగితే ఇంకెలా అనుకుంటారు? డాక్టరుదీ కాదు. ఆయన "ఈయన" అని స్పష్టంగానే అడిగాడు. ఆ "ఈయన"ను దారిలో జారవిడిచింది నేను. ఇంగ్లీషులోంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు, తెలుగువాణ్ణి కనుక, కర్తను హాయిగా వదిలేశాను. తెలుగులోంచి ఇంగ్లీషులోకి తిరిగి వెళ్లేటప్పుడు ఎవరో ఒకరిని పెట్టక తప్పదు కనుక, నా మనసులో ఉన్న మనిషిని పెట్టేశాను. అత్తగారి మనసులో ఉన్న మనిషి వేరు.

చిత్రమేమిటంటే రెండో జవాబు, "తినలేదు" అన్నది కూడా ఆవిడ తన గురించే చెప్పారు. అదృష్టవశాత్తు మామగారూ తినలేదు కనుక నా ఇంగ్లీషు ఒప్పయి కూర్చుంది. ఇలాంటి పొరపాట్లు చాలావరకు ఇలాగే బయటపడకుండా పోతాయి కాబోలు. ఆ రోజు బయటపడటానికి కొంత ఆనవాలు ముందే ఉంది. రక్తంలో లెక్క ఒకటి చెబుతుంటే, నేను చెప్పిన జవాబు మరొకటి చెబుతోంది. డాక్టరు నుదురు చిట్లించినప్పుడే నేను వెనక్కి తిరిగి అడగవలసింది. జవాబు తక్కిన సంగతులతో పొసగనప్పుడు అందులోని మనిషి మారాడేమో చూసుకోవాలి. ఆ ఇంగితం నాకు పావుగంట ఆలస్యంగా వచ్చింది.

పక్కనున్న కన్నడం తెలిసినవారెవరైనా దుబాసీగా ఉంటే ఇలా జరిగేది కాదేమో అనిపించింది. తీరా చూస్తే వాళ్లదీ అదే గతి. మన "రాలేదు" వాళ్లకు "బరలిల్ల", అరవంలో "వరవిల్లై". ఈ రెండూ అంతే, ఎవరు రాకపోయినా మాట మారదు. దక్షిణాది ఆసుపత్రుల్లో ఎందరు కొడుకులు, అల్లుళ్లు ఈ గోతిలో కాలు వేస్తున్నారో!

అప్పటినుంచి నేను మూడు పనులు అలవాటు చేసుకున్నాను. ఒకటి, ఇంగ్లీషు ప్రశ్నను తెలుగులో అడిగేటప్పుడు, కాస్త కృతకంగా వినిపించినా సరే, మనిషిని పెట్టే అడుగుతాను: "మామయ్యగారు మాత్ర వేసుకున్నారా?" రెండు, "లేదు" అని జవాబు వస్తే అక్కడితో ఆగను. "ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారు?" అని అవుననిపించే ప్రశ్న ఒకటి వేస్తాను. "నిన్న వేసుకున్నాను" అంటే ఒకరు, "నిన్న వేసుకున్నారు" అంటే మరొకరు. తెగిన తోక మళ్లీ మొలుస్తుంది. ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలు. మూడోది, ఆడపిల్లల విషయంలో. "పాప నడవలేదు" అంటే ఇంతవరకు నడిచింది కాదు అనా, నడిచే శక్తి లేదు అనా? "నడవలేను, నడవలేడు" వరసలో చూస్తే శక్తి లేదని. మామూలు "లేదు" అనుకుంటే ఇంకా నడవలేదని. మగపిల్లవాడికైతే "నడవలేడు", "నడవలేదు" అని రెండూ విడివిడిగా ఉన్నాయి. ఆడపిల్లకు రెంటికీ ఒకటే మాట. డాక్టరుకు చెప్పేముందు "కాళ్లలో బలం లేకనా, ఇంకా మొదలుపెట్టలేదా?" అని తల్లిని అడిగి తీరాలి.

ఎదురుగా మనిషి లేక కాగితం మాత్రమే ఉన్నప్పుడు పని మరింత కష్టం. మా ఊరు నాపరాళ్లకు పేరు. బండల వ్యాపారం చేసే మిత్రుడొకరు పరాయి రాష్ట్రపు కొనుగోలుదారుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టమని తన తెలుగు చిత్తు తెచ్చారు. "లారీ పంపాం. దించుకున్నారు. డబ్బు వేశామన్నారు. రాలేదు. తర్వాత మాట్లాడలేదు." మొదటి మూడూ తోకలతో తేలిపోతాయి. పంపింది మేము, దించుకున్నది మీరు, వేశామన్నదీ మీరే. "రాలేదు" డబ్బు గురించేనని ముందు వాక్యం చెబుతోంది. "మాట్లాడలేదు" దగ్గర కలం ఆగింది. మీరు మాతో మాట్లాడలేదంటే నింద. మేము మీతో మాట్లాడలేదంటే ఓర్పు. ఎవరి పేరూ లేకుండా "తర్వాత మాటలు జరగలేదు" అన్న ధోరణిలో ఇంగ్లీషు వాక్యం కట్టి తప్పుకోవచ్చు. కాని నిందో, ఓర్పో తేలవలసిన చోట అలా తప్పుకుంటే ఉత్తరం రాసిన ప్రయోజనమే పోతుంది. ఫోను చేసి అడిగాను. "మేమే ఊరుకున్నాం సార్, పండగ వెళ్లనీ అని" అన్నారు. నేను మొదట అనుకున్నది నింద.

ఇదంతా విని బ్యాంకు ఆఫీసరుగారు తన పుస్తకంలో "లేదు" అని రాసుకుని, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.

ఈలోగా చిన్నవాడు అన్నం తిని చేతులు కడుక్కున్నాడు. ఉగాదికి వచ్చి పదిరోజులు మా ఇంట్లో ఉన్న అత్తగారు, మామగారు ఆ రాత్రి బస్సుకు ప్రయాణమయ్యారు. నేను గుమ్మంలో నిలబడి అడిగాను.

"అత్తయ్యా, రాత్రి మాత్రలు వేసుకున్నారా?"

అత్తగారు చెప్పులు తొడుక్కుంటూ ఆగి, ఒకసారి మామగారి వైపు, ఒకసారి నా వైపు చూసి, వేలు మడుస్తూ చెప్పారు:

"నేను వేసుకున్నాను. ఆయన ఇంకా వేసుకోలేదు. బస్సులో రొట్టె తిన్నాక వేసుకుంటారు. చాలా నాయనా?"

చాలునన్నాను.